12 నిమిషాల్లో మీ వాటా 72 సెకన్లు

ముందు ఒక చిన్న లెక్క వేద్దాం. క్యాంపస్‌కి కంపెనీ వచ్చింది. రాతపరీక్ష గట్టెక్కినవాళ్లని పదేసిమందిగా విడగొట్టి గుండ్రంగా కూర్చోబెట్టారు. ఒక్కొక్కరి చొక్కాకి ఒక నంబరు తగిలించారు. టాపిక్ చెప్పి, ఆలోచించుకోడానికి రెండు నిమిషాలిచ్చి, 12 నిమిషాలు మాట్లాడుకోమన్నారు. అంటే 720 సెకన్లు. పదిమందికీ సమానంగా పంచితే తలా 72 సెకన్లు. నిజానికి అంత కూడా దక్కదు. ఇద్దరు ముగ్గురు సింహభాగం లాగేసుకుంటారు, ఒక నిమిషం అరుపుల్లో కొట్టుకుపోతుంది.

ఫైనలియర్ పిల్లలకి ఈ లెక్క బోర్డు మీద వేసి చూపిస్తే మొహాలు మారిపోతాయి. ఎందుకంటే చాలామంది మూడు నిమిషాల ఉపన్యాసం బట్టీపట్టి వస్తారు. 72 సెకన్లలో పట్టేవి ఇరవై సెకన్ల మాటలు మూడో నాలుగో, అంతే. ఆ మూడూ ఎప్పుడు, ఎక్కడ పడాలన్నదే జీడీలో నేర్చుకోవలసిన పని.

మేం కాలేజీలో పెట్టిన ఒక మాక్ జీడీ సంగతి చెబుతాను. టాపిక్: మహిళలకు బస్సుల్లో ఉచిత ప్రయాణం కొనసాగించాలా? తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పేరుతో 2025 ఆగస్టు 15న మొదలైన ప్రయాణమే. అందరూ రోజూ చూసేదే. చిక్కంతా అక్కడే. తెలిసిన విషయమైతే అభిప్రాయం ముందు తన్నుకొస్తుంది, ఆలోచన తర్వాత నింపాదిగా వస్తుంది.

ఆ రెండు నిమిషాల్లో ఎక్కువమంది కాగితం మధ్యలో గీత గీసి ఒకవైపు అనుకూలం, ఒకవైపు ప్రతికూలం అని రాసుకున్నారు. అలా రాస్తే నాలుగు నిమిషాలు తిరిగేసరికి గుంపు రెండుగా చీలి రచ్చబండ పంచాయితీ అవుతుంది. ఏడో నంబరు అమ్మాయి మాత్రం అయిదు గళ్లు గీసుకుంది. బస్సెక్కే మహిళ, టికెట్ కొనే మగ ప్రయాణికుడు, ఆర్టీసీ, ఖజానా, ఆటో డ్రైవరు. ఈ విషయం ఎవరెవరికి తగులుతుందో వాళ్లకి తలా ఒక గడి, గడికి రెండు మాటలు. ఎవరైనా ఒక గడి గురించి మాట్లాడితే అందులో టిక్కు, పక్కన ఆ మనిషి నంబరు. టిక్కు పడని గడి ఏదో అక్కడ మనకి చోటున్నట్టు.

మొదలుపెట్టమనగానే ముగ్గురు ఒకేసారి నోరు తెరిచారు. రెండో నంబరు గొంతు పెద్దది కాబట్టి గెలిచాడు. పథకాలంటే ఏమిటో నిర్వచనం చెప్పి, మహిళా సాధికారత అని రెండుసార్లు అని ఊరుకున్నాడు. మొదట మాట్లాడితే మార్కులొస్తాయన్న నమ్మకం పిల్లల్లో బలంగా ఉంది. మొదట మాట్లాడినవాణ్ణి ప్యానెల్ తప్పకుండా చూస్తుంది, నిజమే. డొల్లగా మాట్లాడినా అంతే శ్రద్ధగా చూస్తుంది. చర్చకి హద్దులు గీయగలిగితేనే మొదలుపెట్టాలి. 'పథకం ఉండాలా వద్దా అన్నది ఒకటి, ఇప్పుడు నడుస్తున్న తీరు సరిగా ఉందా అన్నది ఇంకొకటి, ముందు ప్రయాణికుల వైపు నుంచి చూద్దాం' అన్నా చాలు. అది తోచకపోతే మొదటి అవకాశం వేరేవాళ్లకి వదిలేయడంలో నష్టమేమీ లేదు.

ఏడో నంబరు నాలుగు నిమిషాలు నోరు విప్పలేదు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. వాక్యం తెలుగులో తయారుచేసుకుని, ఇంగ్లీషులోకి మార్చి, సరిచూసుకునేలోపు చర్చ రెండు మలుపులు తిరిగిపోతుంది. ఇలాంటివాళ్లకి నేను చెప్పేది ఒకటే: వాక్యం మొత్తం సిద్ధం కావాలని ఆగొద్దు, మొదటి మూడు మాటలు సిద్ధంగా ఉంచుకోండి. 'నంబర్ ఫోర్ సెడ్' అని గట్టిగా అనేస్తే తలలు ఇటు తిరుగుతాయి, మిగతాది వెతుక్కోడానికి రెండు సెకన్లు దొరుకుతాయి.

ఇంకో సంగతి. అందరూ ఆగాక మాట్లాడదామని కూర్చుంటే ఎవరూ ఆగరు. చర్చలో తలుపు తెరుచుకునేది మౌనం దగ్గర కాదు, చెప్పిందే మళ్లీ చెప్పే దగ్గర. ఆరోజు నాలుగో నంబరు 'ఆర్టీసీ మునిగిపోతుంది' అని మూడోసారి అన్నాడు. అప్పుడు ఆ అమ్మాయి కాస్త ముందుకి వంగి, అతని వైపే చూస్తూ అందుకుంది. 'నాలుగో నంబరు ఆర్టీసీ నష్టం అంటున్నారు. కానీ కండక్టరు ఇచ్చే జీరో టికెట్లను లెక్కగట్టి ఆ చార్జీ ప్రభుత్వం ఆర్టీసీకి చెల్లించాలి. అంటే మన ప్రశ్న ఖజానా గురించి. ఆ డబ్బు సకాలంలో అందుతోందా, అందకపోతే ఏమవుతుంది?' ఇరవై సెకన్లు పట్టింది. అవతలివాడి మాట పట్టుకుంది, దానికి ఒక కొత్త సంగతి కలిపింది, ప్రశ్నగా గుంపుకి అందించింది. తర్వాత మూడు నిమిషాలు అందరూ ఖజానా గురించే మాట్లాడారు. ప్యానెల్‌లో ఉన్నవాళ్లు రాసుకునేది ఇదే, ఎవరి మాట తర్వాత చర్చ దారి మారిందని.

దారి మార్చడం వేరు, దారి తప్పిందని అరవడం వేరు. తొమ్మిదో నంబరు ట్రాఫిక్ కానిస్టేబుల్లాగా 'టాపిక్ పక్కదారి పడుతోంది' అని మూడుసార్లు అన్నాడు. ఎటు వెళ్లాలో ఒక్కసారీ చెప్పలేదు. 'ప్రయాణికుల సంగతి, డబ్బు సంగతి అయ్యాయి, బస్సుల సంఖ్య సరిపోతోందా అన్నది చూద్దాం' అని ఉంటే అదే మాటకి విలువ వచ్చేది. అందరూ ఒకేసారి అరిచి చేపల బజారైపోయినప్పుడు కూడా గొంతు పెంచి లాభం లేదు. ఇంకా మాట్లాడని ఒకరి వైపు తిరిగి 'మూడో నంబరు, మీరు రోజూ బస్సులోనే వస్తారు కదా, మీకేం కనబడుతోంది?' అని అడిగితే గోల కొంత తగ్గే వీలుంది. అయితే అడిగింది అవతలివాళ్లని ఇరుకున పెట్టడానికైతే ప్యానెల్ ఇట్టే పసిగడుతుంది.

ఒక నిమిషం మిగిలిందనగా, ఎవరైనా క్లుప్తంగా ముగించమన్నాం. రెండో నంబరు తటాలున అందుకున్నాడు: 'కాబట్టి ఈ పథకం ఆపేయాలని మేమంతా తేల్చాం.' ఎవరూ ఏమీ తేల్చలేదు. అది అతని అభిప్రాయం. జీడీలో ఏకాభిప్రాయం రావాలన్న నియమమేమీ లేదు, రానిదాన్ని వచ్చిందని చెబితే మాత్రం విననట్టే లెక్క. పక్కనే ఏడో నంబరు కాగితం చూసుకుంటూ సర్దింది. 'మహిళల ప్రయాణం పెరిగిందన్న దగ్గర అందరం ఒప్పుకున్నాం. ఖర్చు ఖజానా మోయగలదా అన్న దగ్గర రెండు మాటలున్నాయి. ఆదాయాన్ని బట్టి పరిమితి పెట్టాలని ఇద్దరు, అందరికీ ఉండాలని ముగ్గురు అన్నారు. ఆటో డ్రైవర్ల సంగతి మనం తడమలేదు.' కలిసిన చోటు, విడిపోయిన చోటు, మిగిలిపోయిన చోటు. కొత్త వాదన లేదు, తన తీర్పు లేదు. అరనిమిషంలో అయిపోయింది. టిక్కుల కాగితం లేకపోతే 'ఇద్దరు, ముగ్గురు' అనే మాట ఎవరికీ నోటికి రాదు.

కొన్నిచోట్ల ఒక్కొక్కరినీ వరసగా సారాంశం చెప్పమంటారు. ఆఖర్న వచ్చినవాళ్లు ముందువాళ్లు చెప్పిందే వల్లించకుండా, వాళ్లు వదిలేసిన ఒక్క ముక్క చెప్పి ఆగడం మేలు. అసలు అన్ని కంపెనీలూ జీడీ పెట్టవు. పెట్టిన చోట కూడా ప్యానెల్‌ని బట్టి కొలత కొంచెం మారుతుంది.

ఆరోజు నేను స్టాప్‌వాచ్ పెట్టుకున్నాను. రెండో నంబరు మూడు నిమిషాల పైన మాట్లాడాడు. ఏడో నంబరు రెండే సార్లు, మొత్తం కలిపి నిమిషం లోపే. ప్యానెల్‌లో ఇద్దరం విడివిడిగా రాసుకున్న చీటీల్లో ఆమె పేరుంది, అతని పేరు లేదు. బయటికెళ్తూ ఆ అమ్మాయి కాగితం చూపించింది. ఆటో గడిలో టిక్కు లేదు.

"ఎనిమిదో నిమిషంలో చెబ్దామనుకున్నా సార్," అంది. "తొమ్మిదో నంబరు టాపిక్ పక్కదారి పడుతోందని అంటూనే ఉంటే, నాకు సందు దొరకలేదు."