మేనేజర్ సరేనన్నాక నాలుగు లైన్ల మెయిల్

ప్రసూతి సెలవు ముగించుకుని ఆఫీసుకు తిరిగొచ్చే తల్లులకు చట్టంలో ఒక వెసులుబాటు ఉంది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి, మొదటి ఇద్దరు పిల్లల వరకు సెలవును 26 వారాలకు పెంచారు. ఆ సవరణలోనే, పని తీరును బట్టి వీలైతే సెలవు తర్వాత కూడా ఇంటి నుంచి పనిచేయడానికి యాజమాన్యం అనుమతించవచ్చని చేర్చారు. 2020 సామాజిక భద్రత కోడ్‌లోనూ ఈ మాట ఉంది. అయితే ఎన్నాళ్లు, ఏ షరతుల మీద అన్నది చట్టం చెప్పలేదు. ఇద్దరూ మాట్లాడుకుని తేల్చుకోమంది. ఆ మాట్లాడుకోవడం చాలాచోట్ల మేనేజర్ క్యాబిన్‌లో పది నిమిషాల్లో అయిపోతుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది.

హైదరాబాద్‌లో ఒక కంపెనీ అకౌంట్స్ విభాగమే అనుకుందాం. ఆరు నెలల పాపను ఇంట్లో వదిలి వచ్చిన ఉద్యోగినితో మేనేజర్, "ఓ మూడు నెలలు వారానికి రెండు రోజులు రామ్మా, చాలు. మంత్ ఎండ్‌కి మాత్రం ఇక్కడే ఉండాలి" అన్నారు. ఆమె "థ్యాంక్స్ మేడమ్" అని సంతోషంగా బయటికొచ్చింది. ఇద్దరి మనసులోనూ కల్మషం లేదు. కానీ మంత్ ఎండ్ అంటే నెలలో ఆఖరి రెండు రోజులని ఆమె అనుకుంది. మేనేజర్ లెక్కలో అది పుస్తకాలు క్లోజ్ అయ్యేదాకా, అంటే వచ్చే నెల మూడో తేదీ దాకా. ఈ తేడా ఎప్పుడు బయటపడుతుంది? ఒకటో తేదీ ఉదయం ఆమె సీటు ఖాళీగా కనబడినప్పుడు. అప్పటికి అది తేడాగా ఉండదు, తప్పుగా మారిపోతుంది.

అందుకే ఆ సాయంత్రమే, మాటలు ఇంకా ఇద్దరికీ గుర్తుండగానే, ఇలా ఒక మెయిల్ వెళ్లాలి:

"మేడమ్, పొద్దున టైమ్ ఇచ్చి మాట్లాడినందుకు చాలా థ్యాంక్స్. నాకు అర్థమైనంతవరకు: జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు మంగళ, గురువారాలు ఆఫీసుకు వస్తాను, మిగతా రోజులు ఇంటి నుంచి చేస్తాను. ప్రతి నెలా చివరి రెండు పనిదినాలు ఆఫీసులోనే ఉంటాను. ఆడిట్ వారం సంగతి మనం ఇంకా అనుకోలేదు, మీరు చెప్పినట్టు చేస్తాను. ఇందులో ఏదైనా నేను పొరపాటుగా అర్థం చేసుకుంటే చెప్పండి. ఇలాగే ఓకే అయితే ఒక్క మాట రిప్లై ఇవ్వండి మేడమ్."

అంతే. మేనేజర్ చెప్పని మంగళ, గురువారాలను, ప్రారంభ తేదీని ఆమె తనకు తోచినట్టు రాసింది. అవి రాశాకే మేనేజర్‌కు కూడా ఆలోచించాల్సిన విషయాలుగా కనిపిస్తాయి. "మంగళవారం బదులు సోమవారం రా, ఆ రోజు టీమ్ మీటింగ్. మంత్ ఎండ్ అంటే మూడో తేదీ దాకా" అని జవాబు వస్తే, ఆ మెయిల్ తన పని చేసినట్టే. తేలకుండా మిగిలిన ఆడిట్ సంగతిని తేలలేదనే రాయడం కూడా అంతే ముఖ్యం. అనుకోనిదాన్ని అనుకున్నట్టు రాస్తే నమ్మకం పోతుంది.

మాట తీరు మీద చాలా ఆధారపడి ఉంటుంది. "మీరు ఒప్పుకున్నారు కాబట్టి", "రికార్డు కోసం రాస్తున్నాను" అన్న మాటలు చదివితే ఎంత మంచి మేనేజరైనా గిరి గీసుకుని కూర్చుంటారు. మొదటి మెయిల్‌లోనే హెచ్‌ఆర్‌ను కాపీలో పెట్టినా అదే ఫలితం. ముందు మేనేజర్‌కే పంపి, ఆమె సరేనన్నాక, "హెచ్‌ఆర్‌కు మీరు ఫార్వర్డ్ చేస్తారా, నన్ను చేయమంటారా" అని అడగడం మర్యాద.

వాట్సాప్‌లో పెడితే చాలదా అంటారు. చిన్న విషయాలకు చాలు. మూడు నెలల ఏర్పాటుకు ఆఫీసు మెయిలే మేలు. మధ్యలో మేనేజర్ మారితే, కొత్తవారికి ఆ మెయిల్ ఫార్వర్డ్ చేస్తే సరిపోతుంది. పాతవారి సొంత ఫోన్లో ఉన్న చాట్ కొత్తవారికి అందదు.

జవాబు రాకపోతే? మౌనాన్ని అంగీకారం అనుకోకండి. రెండు రోజులాగి, ఎదురుపడినప్పుడు "మేడమ్, మెయిల్ చూశారా" అని నవ్వుతూ అడగండి. అప్పుడు "నాకు ఓకే కానీ, పైన అడగాలి" అంటే, అసలు సంగతి తెలిసినట్టే: ఆ అనుమతి ఇచ్చే అధికారం ఆమె చేతిలో లేదు. జీతం పెంపు, నోటీసు కాలం తగ్గింపు, బదిలీ లాంటివి చాలా కంపెనీల్లో ఇలాంటివే. వాటికి మేనేజర్ ఇచ్చిన "ఓకే" సరిపోదు, కంపెనీ ఇచ్చే లెటర్ కావాలి. అది చేతికి వచ్చేదాకా పాపను చూసుకునే ఆయాను మాన్పించకండి, ఇల్లు మారకండి.