కుట్టిన గౌన్లు, కుట్టించిన గౌన్లు

ఫ్రెంచి పైస్థాయికి వచ్చిన లింగాల పాఠకురాలు ఒకరు మంచి ప్రశ్న వేశారు. ‘ఆమె కుట్టిన గౌన్లు’ అనాలంటే ‘లే రోబ్ కెల్ ఆ ఫెత్’. అవే గౌన్లు ప్రొద్దుటూరులో కుట్టించి ఉంటే ‘లే రోబ్ కెల్ ఆ ఫె ఫేర్’. గౌన్లు రెండు చోట్లా ముందే ఉన్నాయి, మరి రెండోసారి ‘త్’ ఏమైంది?

సూత్రం అందరికీ తెలిసిందే. ‘అవ్వార్’ సాయంతో వచ్చే భూతకాలంలో పార్టిసిపుల్‌కు కర్తతో పని లేదు. కర్మ ముందుంటే దాని లింగవచనాలు తీసుకుంటుంది, వెనకుంటే మారదు. ‘ఫెత్’ చివర స్త్రీలింగపు ‘ఇ’, బహువచనపు ‘ఎస్’ చేరాయి. ఆ ‘ఇ’ వల్లే ‘త్’ పలికింది.

ఇంతకీ కర్మ మీద ఈ మమకారం ఎందుకు? లాటిన్‌లో ‘రాసి ఉన్న ఉత్తరాలు నా దగ్గర ఉన్నాయి’ అనే తీరు వాక్యం నుంచే ఈ భూతకాలం పుట్టింది. అక్కడ ‘రాసి ఉన్న’ అనేది ఉత్తరాలకు విశేషణం, కాబట్టి వాటిని బట్టే మారేది. హిందీలో ‘సీతా నే చిట్ఠియాఁ లిఖీఁ’ అన్నప్పుడు క్రియ చిట్ఠియాఁ వెంట నడవడానికి కూడా మూలం ఇలాంటి విశేషణమే. హిందీ కర్మ ఎక్కడున్నా చూస్తుంది. పాత ఫ్రెంచిలోనూ వెనకున్న కర్మను బట్టి మార్చిన వాక్యాలు దొరుకుతాయి. ముందుంటేనే మారాలన్న సూత్రాన్ని 1538లో కవి క్లెమాఁ మారో ఇటాలియన్‌ను ఆదర్శంగా చూపి ప్రచారం చేశాడు. ఆ ఆదర్శం నిలవలేదు: నేటి ఇటాలియన్‌లో ‘నేను రాసిన ఉత్తరం’ లాంటి చోట ఈ మార్పు తప్పనిసరి కాదు.

ఇక ‘త్’ సంగతి. ఆమె గౌన్లను ‘చేయలేదు’, ‘చేయించింది’. తెలుగు ‘ఇంచు’ ప్రత్యయంతో సాధించే పనిని ఫ్రెంచి ‘ఫె’, దాని తర్వాతి క్రియ కలిసి సాధిస్తాయి. గౌన్లు ఆ జంట మొత్తానికి కర్మ, ఒక్క ‘ఫె’కు కాదు. అందుకే అది కదలదు. ‘ఆమె పాడించిన అమ్మాయిలు’ అన్నా, పాడింది ఆ అమ్మాయిలే అయినా, ‘ఫె’ మారదు.

వినడం, చూడడం దగ్గర దారి వేరు. ‘పాడుతుండగా నేను విన్న గాయని’లో పాడింది గాయనే, విన్నదీ ఆమెనే. కాబట్టి ‘విన్న’కు వాడే పార్టిసిపుల్ చివర ‘ఇ’ రాయాలి. ‘ఎవరో పాడగా నేను విన్న పాట’లో పాట పాడదు, పాడబడుతుంది. అది ‘పాడు’కు కర్మ, అక్కడ ‘ఇ’ రాదు. ముందున్న నామమే రెండో క్రియ చేస్తోందా అని అడిగితే చాలు. ఉచ్చారణలో తేడా వినిపించదు గనక తప్పులన్నీ రాతలోనే బయటపడతాయి.

ఈ వినడం, చూడడం వాక్యాల్లో ఏ రూపం రాసినా పరీక్షల్లో తప్పు పట్టకూడదని ఫ్రాన్సు విద్యాశాఖ 1976లోనే ఉత్తర్వు ఇచ్చింది. ఈ మాట పాఠంతోపాటే చెప్పాలి. చెప్పకుండా మార్కులు కోయడం అన్యాయం.