‘చూద్దాం’ అనకండి, తేదీ చెప్పండి

పత్రికకు పేజీలు కట్టే పని చాలాచోట్ల ఉద్యోగి చేతుల్లో ఉండదు. ఇంట్లో కంప్యూటర్ పెట్టుకుని పేజీకి ఇంతని తీసుకునే డీటీపీ ఆర్టిస్టు చేస్తాడు. ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఒక కాగితం రాసుకుంటారు. ఏటా మార్చిలో దాని మీద మళ్లీ సంతకాలవుతాయి. నాలుగైదేళ్లు గడిచేసరికి ఆ కాగితం సంగతి ఇద్దరూ మరిచిపోతారు. పండక్కి స్వీట్లు పంపుకుంటారు, పిల్లల చదువుల కబుర్లు చెప్పుకుంటారు. ఏదో ఒక ఏడాది ఆ కాగితం మళ్లీ రాయకూడదని ఆఫీసు నిర్ణయిస్తుంది. ఆ మాట ఆయనకు చెప్పాల్సింది రోజూ ఆయనతో మాట్లాడే ఎడిటరే.

ఆ మాట నేను రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. మొదటిసారి చాలా అన్యాయంగా చెప్పాను.

అప్పుడు నేను పనిచేస్తున్న మాసపత్రికలో డిసెంబరులోనే నిర్ణయం అయిపోయింది. ఆరేళ్లుగా పేజీలు కడుతున్న ఆయనతో ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు. “ఈసారి బడ్జెట్ కాస్త టైట్‌గా ఉందండీ” అన్నాను. కొత్త ఏడాది కాగితం గురించి ఆయన అడిగితే “చూద్దాం, పైవాళ్లు ఆలోచిస్తున్నారు” అన్నాను. ఫిబ్రవరిలో పదహారు పేజీలు వేరేవాళ్లకు ఇచ్చాను. ఆయనే అర్థం చేసుకుంటారని నా ఆశ. ఆయనకు అర్థమైంది మాత్రం ఇంకొకటి. ఈ నెల పని తక్కువ, వచ్చే నెల సర్దుకుంటుంది అనుకున్నారు. ఒక స్కూలు వాళ్లు వార్షికోత్సవ సంచిక చేసిపెట్టమంటే మా పత్రికకు ఆలస్యమవుతుందని వద్దన్నారు. కొత్త కంప్యూటర్ వాయిదాల మీద కొన్నారు. అసలు మాట నేను మార్చి 28న చెప్పాను. ఆయన కోప్పడలేదు. “డిసెంబర్లోనే అనుకున్నారా సార్?” అని మాత్రం అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ ప్రశ్నలోనే విషయమంతా ఉంది. ఉద్యోగిని తీసేస్తే నోటీసు కాలం ఉంటుంది, పీఎఫ్ ఉంటుంది, అర్హత ఉంటే గ్రాట్యుటీ వస్తుంది. కాంట్రాక్టు మీద ఇంటి నుంచి పనిచేసే ఫ్రీలాన్సర్‌కు మామూలుగా ఇవేవీ ఉండవు. గడువు తేదీ రాగానే ఒప్పందం దానంతటదే ముగుస్తుంది. ఆయన చేతిలో మిగిలేది సమయం ఒక్కటే. ఇంకో పని వెతుక్కోవాలన్నా, ఈఎంఐ పెట్టుకోవాలా వద్దా అని ఆలోచించాలన్నా, వచ్చిన పని ఒప్పుకోవాలన్నా ఆ సమయమే దిక్కు. నిర్ణయమైన రోజుకూ చెప్పిన రోజుకూ మధ్య ఉన్న రోజులు ఆయనవి. నేను ఆయన దగ్గర మూడు నెలలు తీసేసుకున్నాను. నా దృష్టిలో అది మొహమాటం, ఆయన లెక్కలో నష్టం.

రెండోసారి వేరే ఆఫీసులో, వేరే ఆర్టిస్టుతో. 64 పేజీల మాసపత్రిక, పేజీకి 250 రూపాయలు, అంటే నెలకు 16 వేలు. ఐదేళ్ల అనుబంధం. కారణం ఆయన పని బాగాలేకపోవడం కాదు. యాజమాన్యం తన పత్రికలన్నిటికీ కలిపి ఆఫీసులోనే ఒక డిజైన్ విభాగం పెట్టుకుంది. జనవరి మొదటి వారంలో నిర్ణయం ఖాయమైంది. మర్నాడే ఆయనకు ఫోన్ చేశాను. అంతకుముందు ఓ గంట కూర్చుని నాలుగు సంగతులు తేల్చుకున్నాను.

మొదటిది ఒప్పందం. గడువు ఎప్పుడు, ముందుగా ఇన్ని రోజుల నోటీసు ఇవ్వాలని ఉందా, ఎవరూ ఏమీ అనకపోతే తనంతట తానే పొడిగే షరతు ఉందా అని చదివాను. అలాంటి షరతు ఉంటే కబురు ఆలస్యం కావడం చట్టపరంగానూ చిక్కే. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. పేరుకు ఫ్రీలాన్సరైనా రోజూ ఆఫీసుకొచ్చి, మీరు పెట్టిన వేళల్లో, మీ కంప్యూటర్ మీద, మీ అజమాయిషీలో పనిచేస్తున్న మనిషి అయితే కోర్టులు కాగితం మీది పేరును కాకుండా అసలు సంబంధాన్ని చూస్తాయి. అలాంటప్పుడు ముందు లాయరును అడగాలి. మా ఆర్టిస్టు తన ఊళ్లో, తన వేళల్లో, ఇంకో ఇద్దరికి కూడా పనిచేసుకునేవారు కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

రెండోది ఆఖరి పని. మార్చిలో కట్టే ఏప్రిల్ సంచికే చివరిది. అంటే ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ సంచికలు ఆయనవే. మూడోది డబ్బు. సంక్రాంతి ప్రత్యేక సంచిక 96 పేజీలు, 24 వేల బిల్లు అప్పటికి ఇవ్వలేదు. రావాల్సిన మూడు సంచికలకు 48 వేలు. మొత్తం 72 వేలు. ఆ అంకె నా ముందు కాగితం మీద ఉంది. నాలుగోది, మళ్లీ పని ఇచ్చే అవకాశం నిజంగా ఉందా? లేదు. లేనప్పుడు “టచ్‌లో ఉందాం” అనకూడదని నాకు నేను చెప్పుకున్నాను.

వాట్సాప్‌లో చెప్పాలనిపించింది, ఆగాను. ఐదేళ్లు గొంతు విన్న మనిషికి ఈ మాట గొంతుతోనే చెప్పాలి. ముందు “మాట్లాడడానికి వీలేనా? కాంట్రాక్టు విషయం” అని మెసేజ్ పెట్టాను. “ఒకసారి మాట్లాడాలి” అని మాత్రమే పెడితే ఫోన్ వచ్చేదాకా ఆ మనిషికి కాలు నిలవదు. విషయమేమిటో ఆ మెసేజ్‌లోనే ఉండాలి. ఫోన్‌లో కుశల ప్రశ్నలు వేయలేదు. పిల్లాడి పరీక్షల గురించి అడిగి, నవ్వించి, ఆ తర్వాత ఈ మాట చెబితే ముందటి నవ్వు కూడా మోసంలా తోస్తుంది.

“మీకు ఒక బాధ కలిగించే విషయం చెప్పాలండీ. మార్చి 31తో మన కాంట్రాక్టు ముగుస్తుంది, దాన్ని మళ్లీ పొడిగించడం లేదు. ఏప్రిల్ సంచిక మీరు కట్టే చివరి సంచిక” అన్నాను. మొదటి మూడు వాక్యాల్లోనే ఏం జరుగుతోందో, ఎప్పుడో వచ్చేశాయి. తర్వాత నేను ఆగాను. అవతల నుంచి చాలాసేపు మాట లేదు. ఆ నిశ్శబ్దాన్ని నింపాలని నాలుక లాగేస్తుంది. ‘కాకపోతే...’, ‘ఏమో, పరిస్థితులు మారితే...’ అంటూ లేని ఆశలు నోట్లోంచి జారేది అక్కడే. ఆయన మాట్లాడేదాకా ఊరుకున్నాను.

“నా పనిలో ఏమైనా లోపమా సార్?” అన్నారు. ఇలాంటి వేళ ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ఇదే. “లేదు. డిజైన్ అంతా ఆఫీసులోనే చేయాలని యాజమాన్యం నిర్ణయించింది. కారణం అదొక్కటే” అన్నాను. లోపం నిజంగా ఉంటే దాన్ని కూడా సూటిగా చెప్పాలి. ‘గత ఆరు నెలల్లో నాలుగు సంచికలు ప్రెస్‌కు ఆలస్యంగా వెళ్లాయి’ అన్నది మనిషి తట్టుకోగల మాట. ‘ఫిట్ అవ్వడం లేదు’ అన్నదాన్ని పట్టుకుని ఆ మనిషి నెలల తరబడి తనలో తాను వెతుక్కుంటాడు. కారణం ఒక్కటే చెప్పాలి, అది నిజమై ఉండాలి. మూడు కారణాలు చెబితే మూడింటికీ సమాధానం తెస్తాడు, తప్పేమీ లేదు.

అన్నట్టే ఆయన, “పేజీకి 200 చేసుకుందామా?” అన్నారు. ఆ మాట వినడం ఈ సంభాషణ మొత్తంలో కష్టమైన క్షణం. “పైవాళ్లను అడిగి చెబుతాను” అనేస్తే నాకు తేలికగా ఉండేది, ఆయన మాత్రం ఇంకో నెల ఎదురుచూసేవారు. “ఇది రేటు గురించి తీసుకున్న నిర్ణయం కాదండీ. తగ్గించినా మారదు. మీ రేటు ఎవరి దగ్గరా తగ్గించుకోకండి” అన్నాను. “మీ బాధ నాకు తెలుసు” అనలేదు, నాకు తెలియదు కనుక. “నాకూ చాలా కష్టంగా ఉంది” అని కూడా అనలేదు. అంటే ఆయనే నన్ను ఓదార్చాల్సి వస్తుంది.

ఆ సాయంత్రమే ఈమెయిల్ పంపాను. ఫోన్‌లో పిడుగులాంటి మాట విన్నాక అంకెలు చెవికెక్కవు. ఇంట్లో వాళ్లకు చూపించుకోవడానికైనా కాగితం కావాలి. అందులో ఇలా రాశాను:

“ఈ ఉదయం ఫోన్‌లో చెప్పిన విషయాన్ని రాతపూర్వకంగా పంపుతున్నాను. మన ఒప్పందం మార్చి 31తో ముగుస్తుంది; దాన్ని పొడిగించడం లేదు. డిజైన్ పనిని సంస్థ తన సొంత విభాగానికి మార్చుకోవడమే ఇందుకు కారణం. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ సంచికలు మీరే చేస్తారు. పేజీల సంఖ్య, రేటు తగ్గవు. సంక్రాంతి సంచిక బిల్లు 24,000 రూపాయలు ఈ నెల 20లోగా, మిగతా సంచికల బిల్లులు అందిన 15 రోజుల్లోగా చెల్లిస్తాం. ఐదేళ్లలో ఒక్క సంచిక కూడా మీ వల్ల ఆలస్యం కాలేదు. ఆ మాట రాసి సంతకం చేసిన లేఖ వారంలో పంపుతాను.”

‘పేజీల సంఖ్య, రేటు తగ్గవు’ అన్న మాట కావాలని రాశాను. వెళ్లిపోయే మనిషి పనిని నెలనెలా కోసేయడం మాటల్లో చెప్పని సూచన. నేను మొదటిసారి చేసిన తప్పు అదే.

డబ్బు విషయంలో మన దయ కంటే ముందు చట్టం ఉంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం కింద ఉద్యమ్‌లో సూక్ష్మ లేదా చిన్న సంస్థగా నమోదై సేవలు అందించే వ్యక్తికి, పని స్వీకరించిన రోజు నుంచి ఒప్పందంలో రాసుకున్న గడువులోగా చెల్లించాలి. ఆ గడువు 45 రోజులు దాటకూడదు. గడువేమీ రాసుకోకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా అసలులో కలిసే చక్రవడ్డీ కట్టాలి. ఇంట్లో ఒక్క కంప్యూటర్‌తో పనిచేసే డీటీపీ ఆర్టిస్టు కూడా ఇలా నమోదు చేసుకోవచ్చు. చాలామందికి ఈ సంగతి తెలియదు. పట్టిన టీడీఎస్‌కు సర్టిఫికెట్ పంపడం కూడా మరవకూడదు. ఆయన ఆ డబ్బు తిరిగి రాబట్టుకోవడానికి అది పనికొస్తుంది.

ఫైళ్ల అప్పగింతను కూడా ఆ వారమే మాట్లాడుకున్నాం. ఆయన పాత సంచికలు అను ఫాంట్లలో ఉన్నాయి, కొత్త విభాగం యూనికోడ్‌లో పనిచేస్తుంది. ఐదేళ్ల ఫైళ్లు మార్చి ఇవ్వడమంటే ఎన్నో రోజుల పని. ఒప్పందంలో ఉన్నది ప్రెస్‌కు వెళ్లే పీడీఎఫ్ ఇవ్వడం వరకే. ‘ఎలాగూ వెళ్తున్నారు కదా, అవీ ఇచ్చేయండి’ అనడం తగదు. దానికి విడిగా మొత్తం మాట్లాడుకుని, విడిగా బిల్లు తీసుకున్నాం.

ఆఫీసులో మిగతావాళ్లకు నేను మర్నాడు చెప్పాను, ఆయనకు చెప్పాకే. ప్రెస్ వాళ్ల ద్వారానో ప్రూఫ్ రీడర్ ద్వారానో ఈ కబురు ముందు ఆయన చెవిన పడి ఉంటే ఎంత బాగా మాట్లాడినా ప్రయోజనం ఉండేది కాదు.

ఏప్రిల్ సంచిక ఫైలు మార్చి 22న వచ్చింది, ఎప్పట్లాగే చెప్పిన రోజుకే. కిందే ఒక మెసేజ్ ఉంది: “ఒక పబ్లిషర్ దగ్గర నవలల పని కుదిరింది సార్. జనవరిలోనే మాట్లాడుకున్నాను.” జనవరి అన్న ఆ మాట దగ్గర నాకు మొదటి ఆయన గుర్తొచ్చారు. ఆయనకు ఆ జనవరిని నేను ఇవ్వలేదు.