గడియారంలో ఆ అరగంట ఎక్కడిది?

డిసెంబర్ 25న హైదరాబాద్‌లో ఒక మీటరు కర్రను ఎండలో నిటారుగా పాతి, మధ్యాహ్నం వేళ దాని నీడను చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. నీడ సూటిగా ఉత్తరం వైపు తిరిగి, ఆ రోజుకెల్లా పొట్టిగా, 86 సెంటీమీటర్ల దగ్గరికి వచ్చేసరికి గడియారంలో పన్నెండు దాటి పదహారు నిమిషాలవుతుంది. అదే రోజు విశాఖపట్నంలో అయితే 11.57కే ఆ ఘడియ వచ్చేస్తుంది. ముంబైలో 12.39 దాకా ఆగాలి. గడియారం, సూర్యుడు ఒకే మాట మీద ఉండేది కాకినాడ జిల్లా తుని పరిసరాల్లాంటి కొన్ని చోట్లే. భారత ప్రామాణిక సమయానికి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్ దగ్గరగా దిగి, ఆంధ్ర తీరంలో ఆ ప్రాంతం మీదుగానే సముద్రంలోకి వెళుతుంది. ఏడాదిలో మిగతా రోజుల్లో భూమి నడక తీరు వల్ల ఈ లెక్క పావుగంట దాకా ముందుకో వెనక్కో జరుగుతుంది. డిసెంబర్ 25 లాంటి నాలుగు తేదీల దగ్గర మాత్రం ఆ తేడా దాదాపు ఉండదు.

అరగంట రహస్యమంతా ఆ 82½లోనే ఉంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది, పదిహేను డిగ్రీలకు గంట. కాబట్టి గ్రీనిచ్ నుంచి పూర్తి గంటల లెక్కన వచ్చే రేఖాంశాలు మన దేశంలో రెండే: అయిదు గంటలకు 75, ఆరు గంటలకు 90. మొదటిది పడమటి వైపు, రెండోది తూర్పు కొసన పడతాయి. దేశానికి నడిమధ్యన నిలిచే రేఖ కావాలంటే ఆ రెంటికీ సరిగ్గా సగంలో ఉన్న 82½ దగ్గరికే రావాలి. దాన్ని నాలుగుతో గుణిస్తే 330 నిమిషాలు, అంటే అయిదున్నర గంటలు.

ఒకటో రెండో పూర్తి గంటల మండలాలతో సరిపెట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దేశం ఉన్న స్థితి చూస్తే ఆ ఇబ్బంది అర్థమవుతుంది. అప్పట్లో ఊరికో సమయం ఉండేది. సూర్యుడి లెక్కన బొంబాయి గ్రీనిచ్ కన్నా 4 గంటల 51 నిమిషాలు, మద్రాసు 5 గంటల 21, కలకత్తా 5 గంటల 53 నిమిషాలు ముందుండేవి. రైళ్లు మద్రాసు నక్షత్రశాల సమయంతో నడిచేవి. దేశమంతటికీ అయిదు గంటల సమయం పెడితే కలకత్తా గడియారం సూర్యుడి కన్నా 53 నిమిషాలు వెనకబడుతుంది. ఆరు గంటలు పెడితే బొంబాయి గడియారం గంటా తొమ్మిది నిమిషాలు ముందుకు ఉరుకుతుంది. రెండు మండలాలు చేస్తే రైలు మార్గాల మధ్యలో ఎక్కడో గడియారం మార్చుకోవాలి. అయిదున్నర పెడితే కలకత్తా 23 నిమిషాలు వెనక్కి, బొంబాయి 39 నిమిషాలు ముందుకు, మద్రాసు తొమ్మిది నిమిషాలే ముందుకు జరుగుతాయి. ఎవరికీ పూర్తిగా సరిపోదు గానీ ఎవరికీ మరీ భారం కాదు.

1906 జనవరి 1 నుంచి ఆ సమయమే అమల్లోకి వచ్చింది. అయినా బొంబాయి ఆ 39 నిమిషాలను మింగలేకపోయింది. మిల్లు కార్మికులకు అది చీకటితో పనిలోకి వెళ్లడమే. నిరసనలు జరిగాయి, నగరపాలక సంస్థ తన పాత సమయాన్నే పట్టుకుంది. ఒకే నగరంలో రైల్వే స్టేషన్‌కు ఒక సమయం, ఊరికి ఒక సమయం అన్నట్టు 1955 దాకా సాగింది. కలకత్తా 1948లో తన సమయాన్ని వదులుకుంది.

పూర్తి గంటలే వాడాలన్న అంతర్జాతీయ చట్టమేదీ లేదు. 1884లో వాషింగ్టన్‌లో జరిగిన సమావేశం గ్రీనిచ్‌ను సున్నా రేఖాంశంగా ఒప్పుకుంది కానీ, ఏ దేశం ఏ సమయం పాటించాలో చెప్పలేదు. అది ఆయా ప్రభుత్వాల ఇష్టం. అందుకే నేపాల్ ఇంకో పావుగంట ముందుకు వెళ్లగలిగింది. 1986 దాకా అక్కడా భారత సమయమే. ఆ తర్వాత గౌరీశంకర శిఖరం దగ్గరగా వెళ్లే 86¼ డిగ్రీల రేఖాంశాన్ని ఆధారం చేసుకున్నారు. లెక్క కడితే 345 నిమిషాలు, అంటే అయిదు గంటల నలభై అయిదు. ఖాట్మండూలో సూర్యుడి సమయం 5 గంటల 41 నిమిషాలు కాబట్టి, భారత సమయంతో పదకొండు నిమిషాలు ఉండే తేడా నాలుగుకు తగ్గింది. ఆ కాస్త లాభం కోసమే అయితే ఏ దేశమూ గడియారాలు మార్చదేమో. తమ దేశపు కొండ మీదుగా తమ సమయం ఉండటంలో ఒక సొంతదనం ఉంది, అది తక్కువ విషయం కాదు. అయితే ముక్తినాథ్‌కో పశుపతినాథ్‌కో బయల్దేరిన మన యాత్రికులు బీహార్‌లోని రక్సౌల్ దగ్గర సరిహద్దు దాటి వీర్‌గంజ్‌లో అడుగుపెడితే, నెత్తిన ఎండ అదే ఉంటుంది గానీ గడియారం పావుగంట ముందుంటుంది. అవతల ఉదయం ఏడింటి బస్సు పట్టుకోవాలంటే మన గడియారంలో 6.45కే అక్కడుండాలి.

సూర్యుణ్ణి లెక్కచేయకుండా గడియారాన్ని జరిపితే ఏమవుతుందో శ్రీలంక చూపించింది. కొలంబో సూర్య సమయం 5 గంటల 19 నిమిషాలు, అయిదున్నరకు బాగా దగ్గర. 1996లో కరువు వల్ల కరెంటు కొరత వచ్చి, పగటి వెలుతురును వాడుకోవాలని మే నెలలో గడియారాన్ని ఒకేసారి గంట ముందుకు జరిపారు. అంటే సూర్యుడి కన్నా 71 నిమిషాలు ముందు. తెల్లవారకముందే పిల్లలు బడికి బయల్దేరాల్సి వచ్చింది. అక్టోబరులో అరగంట తగ్గించి ఆరు గంటలకు తెచ్చారు. ఉత్తరాన ఎల్‌టీటీఈ అధీనంలోని ప్రాంతాలు పాత సమయాన్నే కొనసాగించాయి. చివరికి 2006 ఏప్రిల్‌లో దేశమంతా మళ్లీ అయిదున్నరకు వచ్చింది.

అరగంటతో రోజువారీ చిక్కు ఎక్కువగా లెక్కలో వస్తుంది. 5:30ని 5.30 అని రాసి, దాన్ని దశాంశంగా తీసుకుంటే అది అయిదు గంటల పద్దెనిమిది నిమిషాలే అవుతుంది. కంప్యూటర్‌లోనైనా, ఎక్సెల్ పట్టికలోనైనా సమావేశం పన్నెండు నిమిషాలు తేడాగా కనిపిస్తే మొదట అనుమానించాల్సింది దీన్నే. రాయాల్సింది 5.5. నేపాల్‌కు 5.75, దాన్ని 5.45గా రాస్తే పద్దెనిమిది నిమిషాలు తప్పుతుంది. ప్రోగ్రాములు రాసేవాళ్లు అంకె బదులు Asia/Kolkata, Asia/Kathmandu అన్న పేర్లు వాడితే ఈ గొడవే ఉండదు.

అయితే అరగంట అన్నిటినీ సర్దలేదు. మన దేశం పడమర నుంచి తూర్పుకు దాదాపు 29 డిగ్రీలు, సూర్యుడి లెక్కన రెండు గంటలకు కాస్త తక్కువ. మధ్యలో ఎక్కడ రేఖ గీసినా అంచులు దూరంగానే ఉంటాయి. గువాహటి సూర్య సమయం 6 గంటల 7 నిమిషాలు, అంటే గడియారం 37 నిమిషాలు వెనక ఉన్నట్టు. ఇంకా తూర్పున ఈ తేడా పెరుగుతుంది. అస్సాం తేయాకు తోటల్లో అధికారిక సమయం కన్నా గంట ముందుండే సొంత సమయం బ్రిటిష్ కాలం నుంచీ వాడుకలో ఉంది. తెల్లారే వేళకే ఆకు కోత మొదలుపెట్టాలంటే అది తప్పలేదు.

2018లో జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రవేత్తలు ఈశాన్యానికి వేరే సమయం ఉండాలని ప్రతిపాదించారు. పశ్చిమ బెంగాల్, అస్సాం మధ్య ఉన్న సన్నటి భాగం దగ్గర సరిహద్దు గీస్తే రైళ్ల సమయం మార్చాల్సిన చోట్లు తక్కువే ఉంటాయని వాళ్ల వాదన. ప్రభుత్వం ఇంతవరకు దాన్ని అమలు చేయలేదు. ఆ ప్రతిపాదనలో తూర్పుకు సూచించినది ఆరున్నర గంటలు. గువాహటి సూర్యుడికి ఆరు గంటలే దగ్గర, కానీ అలా పెడితే దేశంలోని రెండు భాగాల మధ్య అరగంట తేడా వస్తుంది. ఆరున్నర పెడితే తేడా సరిగ్గా గంట, అప్పుడు సరిహద్దు దాటే రైల్లో గంటల ముల్లు ఒక్కటి మారితే చాలు, నిమిషాల ముల్లు ఉన్నచోటే ఉంటుంది.