ప్రకటనలో సొంతిల్లు, పత్రంలో ఫ్లాట్

ఇళ్ల ప్రకటనలు రాసేవారు కొనేది ఎవరో ముందు చూసుకుంటారు. పేరు ఆ తర్వాత పెడతారు. హైదరాబాద్ శివారులో కడుతున్న పెద్ద అపార్ట్‌మెంట్‌లో 1,500 చదరపు అడుగుల ట్రిపుల్ బెడ్రూమ్ ఫ్లాట్ ఒకటి అమ్మకానికి ఉందనుకుందాం. అద్దెలు కట్టి విసిగిన ఉద్యోగికి అది ‘సొంతిల్లు’. ఆ ప్రకటనలో నెలవారీ వాయిదా ఎంతో, బ్యాంకు రుణం ఎంతవరకు వస్తుందో పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అద్దెకిచ్చుకోవడానికి కొనేవారికి మాత్రం అదే ‘ఫ్లాట్’. వాళ్లకు కలల ఊసెత్తరు, చదరపు అడుగు ధర, దగ్గర్లోని ఐటీ కంపెనీలు, వచ్చే అద్దె చెబుతారు. ఖరీదు పెరిగేకొద్దీ పేరు ఇంగ్లిష్‌లోకి జరుగుతుంది. ముందు ‘హోమ్స్’, ఇంకా పైకి వెళితే ‘రెసిడెన్సెస్’.

‘గృహం’, ‘నివాసం’ అనే మాటలకు తెలుగు ప్రకటనల్లో చోటు తక్కువే. గృహరుణం, గృహప్రవేశం, నివాసయోగ్యం వంటి జంట మాటల్లోనే అవి బతుకుతున్నాయి. మా గృహానికి రండి అని ఎవరూ పిలవరు కనుక, విడిగా రాస్తే సర్కారు నోటీసు చదివినట్టుంటుంది. విచిత్రమేమంటే సర్కారు కూడా జనానికి ఇచ్చేటప్పుడు ‘ఇల్లు’ అనే అంటుంది. హైదరాబాద్ దగ్గరి కొల్లూరులో తెలంగాణ ప్రభుత్వం కట్టించినవి బహుళ అంతస్తుల్లోని ఫ్లాట్లే అయినా, వాటి పేరు డబుల్ బెడ్రూమ్ ఇళ్లు.

పేరు మారితే కొనేది కూడా మారే చోట్లు కొన్ని ఉన్నాయి. ‘ప్లాట్’ అంటే ఖాళీ స్థలం. ఒక్క అక్షరం తేడాతో అది ‘ఫ్లాట్’ అయిపోతుంది. ‘ఇండిపెండెంట్ ఇల్లు’ అంటే కింది నేల కూడా కొన్నవారిదే. ఫ్లాట్‌కైతే నేలలో విడదీయని వాటా మాత్రమే దక్కుతుంది. ‘విల్లా’ దగ్గరే చిక్కు. కొన్ని వెంచర్లలో నేలంతా కొన్నవారి పేరిట రిజిస్టర్ చేస్తారు, కొన్నింట్లో వాటాతో సరిపెడతారు. ప్రకటనలో రెండూ విల్లాలే.

ఈ పేర్లను చట్టం పట్టించుకోదు. 2016 నాటి రెరా చట్టం ఫ్లాట్, యూనిట్, ఇంకే పేరుతో పిలిచినా అన్నింటినీ ‘అపార్ట్‌మెంట్’ కిందే చూస్తుంది. అమ్మకానికి కొలత కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపల నిజంగా వాడుకునే చోటు. బయటి గోడలు, బాల్కనీ అందులోకి రావు. పై ఉదాహరణలోని 1,500 అడుగుల్లో మెట్లు, లిఫ్టు, వరండాల వాటా కూడా కలిసి ఉంటే, కార్పెట్ ఏరియా 1,050 దగ్గరే ఉండవచ్చు. ప్రకటనలోని తప్పుడు మాట నమ్మి సొమ్ము కట్టి నష్టపోయినవారికి పరిహారం కోరే హక్కును ఇదే చట్టం ఇచ్చింది.

ఈ చట్టం కిందికి వచ్చే ప్రాజెక్టుల ప్రకటనలో రెరా నమోదు సంఖ్య తప్పనిసరి. బయానా ఇచ్చేముందు ఆ సంఖ్యతో రాష్ట్ర రెరా వెబ్‌సైట్‌లో వివరాలు చూసుకోండి, నేల వాటా ఎంతో ఒప్పంద పత్రంలో చదవండి.