గోడ కొలిచాకే బిల్లు

"గోడలు లేచాయి, లక్ష సర్దండి సార్" అని మేస్త్రీ అడిగితే, ఆ లక్ష ఏ కొలత మీద వచ్చిందో ముందు చూడాలి. కొలతల మీద రేటు మాట్లాడుకున్న పనిలో దశలవారీ బిల్లు అంటే, పూర్తయిన పనిని కొలిచి కట్టిన లెక్క.

ఒక ఇటుక గోడ తీసుకుందాం. పొడవు 30 అడుగులు, ఎత్తు 10, మందం ముప్పావు అడుగు. మొత్తం 225 ఘనపుటడుగులు. అందులో 4 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తున గుమ్మం ఉంటే 21 తీసేయాలి. డబ్బు 204కే. చాలా గొడవలు ఈ తీసివేత దగ్గరే మొదలవుతాయి.

తర్వాతి బిల్లులో మొదటి నుంచి అయిన మొత్తం రాసి, పాత బిల్లు తగ్గించాలి. మొత్తం 500 అయితే, ఇప్పుడు ఇవ్వాల్సింది 296కి. ప్రభుత్వ పనుల్లో ఈ కొలతలన్నీ ఎం-బుక్‌లోకి ఎక్కుతాయి. సొంతింటికి ఇద్దరూ సంతకం పెట్టిన నోటుబుక్కు చాలు.

శ్లాబు ఇనుమును మాత్రం కాంక్రీటు పోయకముందే కొలవాలి. పోశాక ఎన్ని చువ్వలు వేశారో కంటితో చూసి లెక్కపెట్టలేరు.