పిన్ను వంగితే పైసలు పోయినట్టే!

మాక్లూర్ నుంచి నిజామాబాద్‌కు బస్సెక్కినప్పుడు జేబులో ఎనిమిది వేలున్నాయి. సెకండ్ హ్యాండ్ కాంబో కోసం: రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు.

"నడుస్తోంది తమ్మీ, చూస్కో" అన్నాడు దుకాణం అన్న. స్క్రీన్ వచ్చింది. కానీ నేను తెచ్చిన రెండు 8 జీబీ ర్యామ్‌లు పెడితే 8 జీబీయే చూపించింది. ర్యామ్‌లు మార్చి చూశాం. రెండూ మంచివే, ఒక స్లాట్‌లోనే ఏదీ పనిచేయట్లేదు.

పవర్ ఆపి, కూలర్ తీయించాను. వేడి మీదే మెల్లగా తిప్పుతూ తీయాలి. లేదంటే పేస్ట్‌కు అంటుకుని ప్రాసెసర్ కూడా ఊడొస్తుంది. దీని కింద 1331 పిన్నులు. ఫోన్ టార్చ్ పక్క నుంచి కొట్టి వరుసల వెంట చూస్తే, మూలన ఒకటి వంగి ఉంది! ఈమధ్య ఇంటెల్‌వైతే పిన్నులు బోర్డు సాకెట్‌లో ఉంటాయి, అక్కడ చూడాలి.

ఇంకో 3600 పెట్టించాక 16 జీబీ కనిపించింది.

తర్వాత బయాస్. ముందు ముందు 5600 వేద్దామని నా ప్లాన్. అది 2022లో వచ్చింది, ఈ బోర్డులోని బయాస్ తేదీ 2019. అందుకే 3600 ఉండగానే అప్‌డేట్ చేయించాను. ఫ్లాష్ బటన్ లేని బోర్డులో 5600 పెట్టాక చేద్దామంటే స్క్రీనే రాదు.

"ఏడు రోజుల్లో తెస్తే మారుస్తా. పిన్ను వంగితే తీసుకోను" అన్నాడన్న. న్యాయమే. అందుకే అక్కడే పిన్నుల ఫొటో తీసి ఆయనకే వాట్సాప్ చేశాను. మార్చడానికి ఇంకోటి లేకపోతే పైసలు వాపసని, సీరియల్ నంబర్లతో సహా బిల్లు మీద రాయించాకే డబ్బులిచ్చాను.